నొప్పి తగ్గింది, దవడ కింద వాపు పెరిగింది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మావారికి 46 ఏళ్ళు. ఆరేళ్ళుగా షుగరు మాత్రలు వాడుతున్నారు. కుడివైపు కింది దవడలో చివరి పన్ను రెండేళ్ళుగా పుచ్చి ఉంది. పోయిన ఆదివారం నొప్పి భరించలేక మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకున్నారు. మూడో రోజుకి నొప్పి చాలా తగ్గింది కానీ దవడ కింద వాపు మొదలైంది. నిన్నటి నుంచి అది గడ్డం కిందికి కూడా పాకింది. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. జావ తప్ప ఏమీ దిగడం లేదు. రాత్రి పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చున్నారు. పళ్ళ డాక్టరు గారు వాపు తగ్గాక పన్ను తీస్తాను, సోమవారం రమ్మన్నారు. మా అత్తగారు గవదబిళ్ళలంటూ పసుపు పట్టు వేస్తున్నారు. నొప్పి తగ్గింది కదా, సోమవారం దాకా ఆగొచ్చా?
— ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: ఆగొద్దమ్మా. ముందు ఆయన్ని ఆసుపత్రికి బయల్దేరదీయండి, మిగతాది దారిలో చదువుకోవచ్చు. వెళ్ళాల్సింది పళ్ళ క్లినిక్‌కి కాదు. రాత్రిపూట కూడా మత్తు డాక్టరు ఉండే, ఈఎన్‌టీ సర్జన్ గానీ దవడ ఆపరేషన్లు చేసే సర్జన్ గానీ అందుబాటులో ఉండే, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మీకైతే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి లాంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రి మంచిది. ప్రైవేటుకి వెళ్ళేటట్టయితే ముందే ఫోన్ చేసి "ఇప్పుడు మత్తు డాక్టరు ఉన్నారా?" అని ఒక్క మాట అడగండి. లేరంటే అక్కడ ఆగి టైము పోగొట్టుకోవద్దు.

బైకు మీద తీసుకెళ్ళొద్దు, 108కి ఫోన్ చేయండి. అంబులెన్సులో ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టనివ్వకండి. స్ట్రెచర్ వెనకభాగం పైకి లేపి కూర్చోబెట్టమనండి. కాస్త ముందుకి వంగి కూర్చుంటేనే హాయిగా ఉందంటే అలాగే కూర్చోనివ్వండి. చొంగ మింగలేకపోతే మింగమని బలవంతం చేయకుండా చేతికి ఒక తువ్వాలు ఇవ్వండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి బయల్దేరినప్పటి నుంచి తినడానికి, తాగడానికి ఏమీ పెట్టొద్దు. ఆఖరిసారి ఎప్పుడు తిన్నారో, షుగరు మాత్ర ఎప్పుడు వేసుకున్నారో కాగితం మీద రాసుకోండి. సరిగ్గా తినకుండా మాత్ర వేసుకుంటే షుగరు పడిపోయే ప్రమాదం ఉంటుంది, కాబట్టి ఎక్కగానే అంబులెన్సు సిబ్బందితో షుగరు చూడమనండి. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రల అట్టలు కూడా సంచిలో వేసుకోండి. దారిలో ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో గురకలాంటి చప్పుడు మొదలైతే గుంటూరు దాకా వెళ్ళాలని చూడకుండా దగ్గర్లో మత్తు డాక్టరున్న ఆసుపత్రి ఏదైతే అక్కడికే తీసుకెళ్ళండి.

అత్తగారు వేసిన పట్టు తడిగుడ్డతో మెల్లగా తుడిచేయండి. ఆవిడ మీద కోపంతో చెబుతున్నది కాదు. పసుపు ఉంటే కింద చర్మం ఎంత ఎర్రబడిందో, ఎక్కడిదాకా పాకిందో చూసేవాళ్ళకి తెలియదు. ఆ ఎరుపు మెడ కిందికి, రొమ్ము మీదికి దిగిందా అన్నది వాళ్ళు ముందుగా చూసే వాటిలో ఒకటి.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది వాపు సైజు కాదు. పన్ను వల్ల బుగ్గ నారింజపండంత వాచినవాళ్ళు నా దగ్గరికి రోజూ వస్తుంటారు. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది కానీ, ఆ వాపు చాలావరకు బయటికే పెరుగుతుంది. మీవారిది దవడ ఎముకకి కింద మొదలై గడ్డం కిందికి పాకింది, నోరు తెరుచుకోవడం లేదు, అన్నిటికంటే ముఖ్యంగా ఆయన పడుకోలేకపోయారు. పడుకుంటే నాలుక వెనక్కి జారి గాలి అందదని ఒంటికి ముందే తెలుస్తుంది. అందుకే మనిషి ఎవరూ చెప్పకుండానే లేచి కూర్చుంటాడు. ఊపిరికి దారి ఇరుకవుతోందని చెప్పే మొదటి గుర్తుల్లో అదొకటి.

ఇక నొప్పి ఎందుకు తగ్గిందంటారా? పంటి లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం ఒకటి ఉంటుంది. పుచ్చు దాన్ని చేరాక అక్కడ చీము పడుతుంది. చుట్టూ గట్టి పన్ను, దాని చుట్టూ ఎముక. వాచడానికి చోటు లేక ఒత్తిడి పెరిగి, ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది. తర్వాత ఆ నరం చచ్చిపోతుంది, చీము వేరు కొసలోంచి దిగి ఎముకని తినేసుకుంటూ బయటపడుతుంది. బయటపడగానే ఒత్తిడి సడలి నొప్పి తగ్గుతుంది. మాత్రలు పనిచేశాయనుకుంటాం. నిజానికి జబ్బు ఎముక గోడ దాటి మెత్తటి చోటికి వచ్చింది. పంటినొప్పి తగ్గి అదే వైపు వాపు మొదలైందంటే చాలాసార్లు జరిగింది ఇదే.

ఆ చీము ఎటు పడుతుందన్నది ఏ పన్ను పుచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. నోటి అడుగున, కుడి దవడకీ ఎడమ దవడకీ మధ్య ఒక పల్చటి కండ జోలెలా వేలాడుతూ ఉంటుంది. నాలుక ఆ జోలె పైన ఉంటుంది. ముందు పళ్ళ వేళ్ళ కొసలు ఎక్కువగా ఆ జోలె దవడకి అతుక్కున్న గీతకి పైనే ఉంటాయి. చివరి రెండు దవడపళ్ళ వేళ్ళు మాత్రం ఆ గీతకి కిందికి దిగి ఉంటాయి. పైగా అక్కడ నాలుక వైపు ఎముక పల్చన. అందుకే మీవారి పన్ను లాంటిది పుచ్చితే జబ్బు నోట్లోకి రాకుండా నేరుగా దవడ కింద మెడలోకి పడుతుంది. నోట్లో చూస్తే పెద్దగా ఏమీ కనిపించదు. జోలె వెనక అంచు దేనికీ అతుక్కోకుండా వదులుగా ఉంటుంది. ఆ సందులోంచి జబ్బు పైకెక్కి నాలుక కిందికి, అక్కడి నుంచి అవతలి దవడ వైపు పాకుతుంది. అప్పుడు కింద నుంచి వాచిన నోటి అడుగు నాలుకని పైకీ వెనక్కీ నెడుతుంది. నాలుక వెనకే కదా ఊపిరి దారి ఉండేది.

రెండు వైపులా ఇలా పాకిన స్థితికి లుడ్విగ్స్ యాంజైనా అని పేరు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో లుడ్విగ్ అనే వైద్యుడు 1836లో దీన్ని వర్ణించాడు. ఆసుపత్రిలో "యాంజైనా" అనే మాట వింటే గుండెపోటేమోనని టెన్షన్ పడొద్దు, ఇందులో గుండెకి సంబంధం లేదు. లాటిన్‌లో ఆ మాట పీక నొక్కేయడం అనే అర్థమిచ్చే మాట నుంచి వచ్చింది. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది వచ్చినవాళ్ళలో సగం మందికి పైగా చనిపోయేవారు. ఇప్పుడు సకాలంలో వస్తే ఎక్కువమంది బతికి బయటపడుతున్నారు. పోతున్నవాళ్ళలో చాలామంది ఊపిరి ఆడకో, జబ్బు మెడలోంచి రొమ్ములోకి దిగో పోతున్నారు.

గవదబిళ్ళలకీ దీనికీ తేడా చేత్తో తెలుస్తుంది. గవదబిళ్ళలు చెవి ముందు, చెవి తమ్మెని పైకి లేపుతూ వస్తాయి. దవడ కింద మామూలు బిళ్ళ కడితే చింతగింజంత ఉండి వేలికింద జారుతుంది. ఈ వాపు జారదు. నొక్కితే మెత్తగా సొట్టపడదు, పీట చెక్కని తాకినట్టు గట్టిగా ఉంటుంది. ఇంకో పరీక్ష, ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. నాలుక బయట పెట్టమనండి. కింది పెదవి దాటి రాకపోతే వాపు నాలుక కిందికి చేరిందని అర్థం. గొంతు మారిందేమో వినండి. నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఉంటుంది. కరోనా టైములో కొనుక్కున్న ఆక్సిజన్ మీటరు చాలా ఇళ్ళలో ఉంది, దాన్ని నమ్ముకోవద్దు. గొంతు దారి ఇరుకవుతున్నా మనిషి కష్టపడి పీల్చుకుంటున్నంతసేపూ మీటరు 97, 98 చూపిస్తూనే ఉంటుంది. అంకె పడిపోయేసరికి చేతిలో మిగిలేది కొన్ని నిమిషాలే.

ఆ మీటరు మాటలు నమ్మి మేమూ ఒకసారి మోసపోబోయాం. నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి రాత్రి తొమ్మిదింటికి 38 ఏళ్ళ తాపీ మేస్త్రీ ఒకాయన నడుచుకుంటూ వచ్చారు. ఎడమవైపు కింద, చివరి నుంచి రెండో పన్ను పుచ్చింది. నాలుగు రోజులుగా మాత్రలు మింగుతున్నారు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీ అంచున ముందుకి వంగి కూర్చున్నారు. మీటరు 97 చూపిస్తోంది. షుగరు ఉందని ఆయనకే తెలియదు, చూస్తే 380. మెడ స్కాన్ తీయిద్దామని జూనియర్ డాక్టరు పంపించాడు. స్కాన్ బల్ల మీద పడుకోబెట్టగానే ఆయన రెండు చేతులతో బల్ల అంచులు పట్టుకుని లేచి కూర్చున్నారు. మాట రావడం లేదు, కళ్ళతో వద్దంటున్నారు. మేము స్కాన్ మానేసి అలా కూర్చోబెట్టే థియేటర్‌కి తీసుకెళ్ళాం.

ఇలాంటి మనిషికి ముందే మత్తిచ్చి పడుకోబెట్టకూడదు. మత్తు ఎక్కగానే కండలన్నీ సడలి ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. నోరు తెరుచుకోదు కాబట్టి నోట్లోంచి గొట్టం వేసే వీలుండదు. అందుకని ముక్కులో, గొంతులో మొద్దుబారే మందు చల్లి, మెలకువగా ఉండగానే ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపుతారు. దాని మీదుగా ఊపిరి గొట్టం జారుస్తారు. మా మత్తు డాక్టరమ్మ రెండుసార్లు ప్రయత్నించారు. లోపల వాపు, చొంగ తప్ప ఏమీ కనిపించలేదు. ఈఎన్‌టీ సర్జన్ అప్పటికే మెడ మీద గీత గీసుకుని పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన సూదిమందుతో చర్మం మొద్దుబరిచి, మనిషిని సగం కూర్చోబెట్టే గొంతు ముందు చిన్న రంధ్రం చేసి ఊపిరి గొట్టం పెట్టారు. దాన్నే ట్రకియాస్టమీ అంటారు. గొట్టంలోంచి మొదటి ఊపిరి వెళ్ళగానే ఆయన బిగబట్టిన భుజాలు కిందికి దిగాయి. ఆ దృశ్యం నేను మర్చిపోలేను.

ఊపిరి భద్రమయ్యాకే పూర్తి మత్తిచ్చి దవడ కింద కోశాం. దవడ అంచుకి ఆనించి కోయం, రెండు వేళ్ళ వెడల్పు కిందికి దిగి కోస్తాం. కింది పెదవిని కదిలించే నరం ఆ అంచు వెంటే వెళ్తుంది, అది తెగితే నవ్వినప్పుడు మూతి వంకరపోతుంది. రెండు వైపులా, గడ్డం కింద, మొత్తం మూడు చోట్ల తెరిచాం. చీము గిన్నెలకొద్దీ వస్తుందని బయట వాళ్ళ కుటుంబం ఎదురుచూస్తోంది. వచ్చింది మాత్రం గోధుమరంగు నీళ్ళు, అవీ కొద్దిగానే, భరించలేని వాసనతో. మర్నాడు ఆయన భార్య నన్ను నిలదీశారు, "చీము లేనప్పుడు ఎందుకు కోశారు సార్?" అని. న్యాయమైన ప్రశ్నే. ఈ జబ్బు మొదట్లో చీముగడ్డలా ఒకచోట కూడదు, కండల పొరల మధ్య తడిలా పాకుతుంది. కోయడం ఆ పొరల మధ్య బిగిసిన ఒత్తిడి వదలడానికి. గాలి సోకితే బతకని సూక్ష్మక్రిములు ఇందులో చాలా ఉంటాయి, ఆ దుర్వాసన వాటిదే. గాయంలో పెట్టిన రబ్బరు గొట్టాల్లోంచి రెండో రోజు చిక్కటి చీము రానే వచ్చింది.

ఈ కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మీ ముందుకి కూడా ఒక కాగితం వస్తుంది, గొంతు దగ్గర రంధ్రం చేయాల్సి రావచ్చు, సంతకం పెట్టండి అంటారు. ఆ కాగితం చూసి భయపడి, బంధువులందరినీ అడిగి చెబుతామని రెండు గంటలు గడిపిన కుటుంబాలని చూశాను. ఆ రంధ్రం సాధారణంగా కొద్ది రోజులకే. వాపు దిగాక గొట్టం తీసేస్తారు, రంధ్రం చాలామందిలో దానంతటదే పూడుకుపోతుంది, మాట మళ్ళీ వస్తుంది. ముక్కులోంచి గొట్టం దిగితే ఆ అవసరమే ఉండకపోవచ్చు. కానీ ముందే సంతకం ఉంటే అవసరమైన క్షణంలో వాళ్ళ చెయ్యి ఆగదు.

గేటు దగ్గర ఏం చెప్పాలో కూడా ముందే అనుకోండి. "పంటినొప్పి" అని మొదలుపెడితే మిమ్మల్ని పొద్దున పళ్ళ ఓపీకి రమ్మనొచ్చు. "పన్ను నుంచి మెడ వాచింది, వెల్లకిలా పడుకోలేకపోతున్నారు, నోరు తెరుచుకోవడం లేదు, షుగరు ఉంది" అని చెప్పండి. స్కాన్‌కి పంపితే పడుకోలేరన్న మాట అక్కడి టెక్నీషియన్‌కి కూడా మీరే చెప్పండి.

ఆసుపత్రిలో యాంటీబయాటిక్స్ నరంలోకి ఎక్కిస్తారు, ఒకటి కాకుండా రెండు రకాలు కలిపి ఇస్తారు. షుగరుకి మాత్రలు ఆపి ఇన్సులిన్ మొదలుపెడతారు. ఇక మీదట జీవితాంతం ఇన్సులినే అని దానర్థం కాదు. జబ్బు షుగరుని పెంచుతుంది, పెరిగిన షుగరు జబ్బుతో పోరాడే శక్తిని తగ్గిస్తుంది, ఆ చక్రం తెగాలంటే గంట గంటకీ సరిచేయగల మందు కావాలి. మెడికల్ షాపు మాత్రల అట్టలు తెమ్మన్నదీ అందుకే. అలా కవర్లో కలిపి ఇచ్చే మాత్రల్లో కొన్నిసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. అది జ్వరాన్ని, నొప్పిని కప్పేస్తుంది, షుగరుని ఎగదోస్తుంది. జ్వరం లేదు కదా అని మనం ధైర్యంగా ఉంటాం. ఊపిరి దారిలో వాపు తగ్గడానికి పెద్దాసుపత్రిలో కూడా స్టెరాయిడ్ ఇవ్వొచ్చు. కానీ అక్కడ పక్కన బలమైన యాంటీబయాటిక్ ఉంటుంది, మనిషిని కనిపెట్టుకుని ఒకరుంటారు.

వాపు తగ్గాక పన్ను తీస్తానన్న డాక్టరు గారి మాట గురించి. వాపు మీద పన్ను తీస్తే విషం ఒళ్ళంతా పాకుతుందన్న నమ్మకం మన దగ్గర చాలా పాతది, డాక్టర్లలోనూ ఉంది. నేను ఒప్పుకోను. చచ్చిపోయిన పంటి లోపలికి రక్తం వెళ్ళదు, రక్తం వెళ్ళనిచోటికి మాత్ర కూడా వెళ్ళదు. మాత్రలతో చుట్టూ ఉన్న వాపు తగ్గొచ్చు, ఊట మాత్రం పంటిలోనే ఉంటుంది. వీలైనంత త్వరగా పన్ను తీసేస్తేనే ఊట ఆగుతుంది. నోరు తెరుచుకోని మనిషికి క్లినిక్ కుర్చీలో పన్ను తీయడం కుదరదన్నది నిజం, ఆయన ఆగమన్నది అందుకే కావచ్చు. కానీ అప్పుడు చేయాల్సింది సోమవారం రమ్మనడం కాదు, అదే రోజు పెద్దాసుపత్రికి పంపడం. మేస్త్రీ గారికి మేము కోసిన టైములోనే పన్నూ తీసేశాం.

ఆయన తొమ్మిదో రోజున ఇంటికి వెళ్ళారు. మెడ గొట్టం ఐదో రోజుకే తీశాం. వెళ్ళేటప్పటికి ఆయనకి మిగిలిన పెద్ద ఇబ్బంది నోరు తెరుచుకోకపోవడమే. మీవారికీ అదే ఎదురవుతుంది. లోపలి కండలు బిగిసిపోయి ఉంటాయి, నొప్పికి భయపడి తెరవకపోతే అలాగే ఉండిపోతాయి. డాక్టరు గారు మొదలుపెట్టమన్నాక ఐస్‌క్రీమ్ పుల్లలు శుభ్రంగా కడిగి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పెట్టి కాసేపు ఉంచుకోమనండి. రోజుకి ఐదారుసార్లు చేయాలి, రెండు మూడు రోజులకొకసారి ఒక పుల్ల పెంచాలి. ఎన్ని పుల్లలు పట్టాయో గోడమీద క్యాలెండర్లో రాసిపెట్టండి. ఆయన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టిన రోజున ఆపొచ్చు.